నెలనెలా డబ్బులొస్తాయి సరే... షేర్ పెరిగితే ఎవరికి?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడో మాట బాగా తిరుగుతోంది: "QYLD కొను, నెలనెలా జీతంలా డబ్బులు పడతాయి." ఇంకొకరు అందుకుంటారు: "దానికి ఫీజెందుకు దండగ? నీ షేర్ల మీద నువ్వే కాల్స్ అమ్ముకో." ఇద్దరూ చెప్పేది కవర్డ్ కాల్ గురించే. కానీ రెండూ ఒకటి కావు.

ముందు అసలు సంగతి చూద్దాం. మీకో స్థలం ఉంది. నెలలోపు ఈ రోజు ధరకే కొనుక్కునే హక్కు ఒకరికిచ్చి, బయానా తీసుకున్నారు. ఆ బయానా ధరలో కలవదు, ఎలాగూ మీదే. ధర పెరిగితే అతను పాత రేటుకే స్థలం పట్టుకుపోతాడు. పడితే మొహం చాటేస్తాడు, ఆ నష్టం మీదే. స్థలం బదులు షేరు, బయానా బదులు ప్రీమియం అనుకోండి. కవర్డ్ కాల్ అంటే అంతే.

ఇక ఖర్చు. QYLD ఫీజు ఏడాదికి సుమారు 0.6 శాతం. అంటే 20,000 డాలర్లకు 120 డాలర్లు. మీరే అమ్మితే చాలా బ్రోకర్ల దగ్గర కాంట్రాక్టుకు 65 సెంట్ల చొప్పున, నెలకోసారి వేసుకున్నా ఏడాదికి 8 డాలర్లు దాటదు. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడాలో ఇంకొంత పోతుంది. అయితే ఒక కాంట్రాక్టుకు 100 షేర్లు ఉండాలి. QQQ లాంటి ఫండ్‌లో 100 యూనిట్లంటే పదివేల డాలర్లలో తేలే లెక్క కాదు. చేతిలో 5,000 డాలర్లే ఉన్నవాళ్లకు నాస్‌డాక్ మీద ఈ పని చేయాలంటే ఫండే గతి.

కానీ అసలు ఖర్చు ఫీజు కాదు. అది పడి లేచే మార్కెట్లో బయటపడుతుంది.

ఓ లెక్క వేద్దాం. షేరు 200 డాలర్లు, మీ దగ్గర 100 ఉన్నాయి. QYLD పద్ధతి ఏంటంటే, ప్రతి నెలా అప్పటి సూచీ స్థాయికి దగ్గర్లోనే కాల్ అమ్మడం. అదే పద్ధతిలో 200 స్ట్రైక్ అమ్మితే 4 డాలర్ల ప్రీమియం వచ్చిందనుకుందాం. నెల తిరిగేసరికి షేరు 180కి పడింది. రెండో నెల 180 స్ట్రైక్ అమ్మాలి. భయం మీదున్న మార్కెట్ కాబట్టి ప్రీమియం 5 వచ్చింది. ఆ నెలలో షేరు మళ్లీ 200కి లేచింది. పెరిగిన 20 డాలర్లూ కాల్ కొన్నవాడికే! మీకు మిగిలింది 180, ప్లస్ 9. మొత్తం 18,900 డాలర్లు. షేరు మొదటికొచ్చింది, మీరు 1,100 పోగొట్టుకున్నారు. అకౌంట్లో మాత్రం రెండు నెలలూ "ఆదాయం" పడింది!

అదే మీరే నడిపితే? రెండో నెల 180 వద్దు, 200 స్ట్రైకే అమ్ముతాను అనొచ్చు. అంత పైన ఉన్నదానికి ప్రీమియం 1 డాలరే వచ్చిందనుకోండి. షేరు సరిగ్గా 200 దగ్గర ముగిస్తే మీ చేతిలో 20,500. ఫండ్ పద్ధతికీ దీనికీ తేడా 1,600. దీని ముందు 120 డాలర్ల ఫీజెంత?

కానీ రెండో వైపూ చూడాలి. షేరు లేవకుండా 180 దగ్గరే ఉండిపోతే ఫండ్ పద్ధతిలో 18,900, మీకు 18,500. అంటే ఫండ్ మోసం చేయట్లేదు. పెరుగుదల మొత్తం అమ్మేసి, ఎక్కువ ప్రీమియం తెస్తోంది. JEPI లాంటివి కాస్త పై స్ట్రైక్‌లు వాడి కొంత పెరుగుదల మిగులుస్తాయి, ఫీజు కూడా 0.35 శాతమే.

సొంతంగా చేసేవాళ్లు జారేది ఎక్కడంటే, పడిన నెలలోనే. "1 డాలరేనా?" అనిపించి 185 స్ట్రైక్ 3 డాలర్లకు అమ్మేస్తారు. షేరు 200కి లేస్తే 185కే పోతుంది. మొత్తం 19,200, మళ్లీ నష్టమే. పైగా ఎప్పుడో తక్కువకు కొన్న షేర్లయితే, పోయినప్పుడు లాభం మీద టాక్స్ కూడా. కంట్రోల్ చేతిలో ఉంచుకుని, ఫండ్ చేసిన పనే చేశారన్నమాట.

కాబట్టి సొంతంగా దిగేముందు ఒక్కటి తేల్చుకోండి: షేరు పడిన నెలలో తక్కువ ప్రీమియంతో సరిపెట్టుకోగలరా, లేదా అసలు అమ్మకుండా ఉండగలరా? ఉండలేమనుకుంటే ఆ 120 డాలర్లు మిగిల్చి పెద్దగా లాభం లేదు. ఇక ఫండ్ కొనేవాళ్లు పేజీలో పైన కనిపించే యీల్డ్ దగ్గరే ఆగకండి. కింద టోటల్ రిటర్న్ ఉంటుంది. దాన్ని అవే తేదీలకు QQQ టోటల్ రిటర్న్ పక్కన పెట్టి చూడండి. మీ నెలజీతానికి మీరు కట్టిన ధరెంతో అక్కడ తెలుస్తుంది.