మనవాడైనా సరే, ముందు గ్యారంటీ అడగండి

పోయిన మీటింగులో "కొత్త పార్టీకి ఉద్దర ఇచ్చే ముందు బ్యాంక్ గ్యారంటీగానీ డిపాజిట్‌గానీ అడగాలి" అన్నాను. "మనవాళ్లను అలా అడిగితే అవమానం కాదా?" అని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. వాళ్లకే ఈ జవాబు.

చిక్కపేటలో బట్టల హోల్‌సేల్ చేస్తున్న నేను ఒక పెద్దాయన మాట మీద కొత్త పార్టీకి సరుకు ఇచ్చాను. నెలకు 4 లక్షల సరుకు, 45 రోజుల గడువు. మొదటి బిల్లు గడువు వచ్చేసరికే 6 లక్షల సరుకు వెళ్లిపోయింది. "వచ్చే వారం ఇస్తాను" అంటూ ఇంకో రెండు వారాలు తిప్పాడు. నేను సరుకు ఆపలేదు. అరవయ్యో రోజుకు బాకీ 8 లక్షలు. ఆ పెద్దాయనేమో "నేను పరిచయమే చేశాను కదా" అన్నాడు. నోటిమాట హామీ కూడా 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లుతుంది. కానీ రుజువు చేయాల్సింది మనమే.

అందుకే గ్యారంటీ మొత్తం నెల అమ్మకాన్ని బట్టి కాదు, మనం సరుకు ఆపేలోపు పేరుకునే బాకీని బట్టి ఉండాలి. నా లెక్కలో అది 8 లక్షలు. పార్టీ 5 లక్షలకే తెస్తే, బాకీ 5 లక్షలు తాకిన రోజే సరుకు ఆపాలి. ఆపలేనివాడికి ఏ గ్యారంటీ ఉన్నా లాభం లేదు.

కాగితం చేతికొచ్చిందని సంబరపడకండి. దొంగ గ్యారంటీలూ ఉంటాయి. ఇచ్చిన బ్యాంకు నుంచి మన బ్యాంకుకు ఎస్‌ఎఫ్‌ఎంఎస్ మెసేజ్ వచ్చిందో లేదో కనుక్కోండి. మనం అడిగిన వెంటనే, పార్టీ అభ్యంతరంతో పని లేకుండా చెల్లిస్తామని అందులో రాసుండాలి. క్లెయిమ్ చేసే ఆఖరి తేదీ చివరి బిల్లు గడువు దాటి రెండు మూడు నెలలైనా ఉండాలి. ఆ తేదీ దాటాక అడిగితే బ్యాంకు ఇవ్వదు.

"చిన్న వ్యాపారి గ్యారంటీ ఎక్కడ తెస్తాడు?" అన్నారు. నిజమే, బ్యాంకు కమిషన్‌తో పాటు అతని డబ్బు కొంత మార్జిన్‌గా పట్టుకుంటుంది. అలాంటివాడి దగ్గర లక్షో రెండు లక్షలో బ్యాంకు ద్వారా డిపాజిట్ తీసుకుని, ఉద్దర కూడా అంతవరకే ఇవ్వండి. ఎప్పుడు తిరిగిస్తారో, బాకీ పడితే దాన్ని సర్దుకునే హక్కు మీకుందో రాసుకోండి. బిల్లుకు సర్దేవరకు దానిపై జీఎస్టీ కట్టక్కర్లేదు.

"పక్క అంగడికి పోతాడు" అన్నారు. పోనివ్వండి. ఆ 8 లక్షలు తిరిగి సంపాదించాలంటే, వందకు నాలుగు మిగిలే నా వ్యాపారంలో 2 కోట్ల సరుకు అమ్మాలి. అడగడానికి మొహమాటపడ్డ నేను, ఇప్పుడు నా మిల్లువాళ్లకు గడువు అడుగుతున్నాను. అవమానం అదీ!