చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పొగలు కక్కితే తొలి నిమిషాల్లో ఏం చేయాలన్న దానిపై తీర్మానం

మన అపార్ట్‌మెంట్ నివాసుల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం ఈ క్రింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించారు. అదే నెలలో నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జిలోకి చేరి 8 మంది మరణించారు. మన ఇళ్లలోనూ స్కూటర్ బ్యాటరీలను పైకి తెచ్చి హాల్లో చార్జింగ్ పెడుతున్నారు కనుక సమావేశం ఈ విషయాన్ని వివరంగా చర్చించింది.

లిథియం బ్యాటరీలో ఒక సెల్ దెబ్బతిని వేడెక్కితే, ఆ వేడి లోపలే పెరుగుతూ పక్క సెల్‌కు పాకుతుంది. అప్పుడు కరెంటు తీసేసినా అది ఆగకపోవచ్చు. బుస్సుమనే శబ్దంతో వెలువడే తెల్లని పొగను ఆవిరి అనుకోరాదు. అది మండే వాయువు, విషవాయువు కూడా. ఆ శబ్దం తర్వాత మంట లేవడానికి కొన్ని క్షణాలు చాలు.

కాబట్టి సమావేశం ఇలా తీర్మానిస్తున్నది:

1. పొగ గానీ, బుస్సుమనే లేదా చిటపట శబ్దం గానీ మొదలైన బ్యాటరీని ఎవరూ చేత్తో పట్టుకోరాదు, బాల్కనీకో మెట్ల మీదికో మోసుకుపోరాదు. ఇల్లు కాలుతుందేమోనన్న భయంతో చాలామంది చేయబోయేది ఇదే, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. రెండో అంతస్తులో రాత్రి పదకొండింటికి హాల్లోని స్కూటర్ బ్యాటరీ పొగలు కక్కిందనుకుందాం. పొగలోకి వెళ్లకుండా చేతికందితే మెయిన్ ఆపాలి, అందకపోతే వదిలేయాలి. నిద్రపోతున్న వాళ్లను లేపి, పిల్లలను, పెద్దవాళ్లను ముందు పెట్టుకొని బయటికి రావాలి. వీలైతే ఆ గది తలుపు, తప్పకుండా ఇంటి తలుపు మూసేయాలి. తలుపు తెరిచి వదిలితే పొగ మెట్ల దారంతా నిండి పై అంతస్తుల వాళ్లకు దారి ఉండదు. లిఫ్ట్ ఎక్కరాదు. వస్తూ వస్తూ పొరుగు తలుపులు తట్టాలి. బయటికొచ్చాక 101కో 112కో ఫోన్ చేసి, మండుతున్నది లిథియం బ్యాటరీ అని చెప్పాలి. నగలకో, కాగితాలకో, ఫోన్‌కో మళ్లీ లోపలికి వెళ్లరాదు.

2. అప్పటికే మెట్లలో పొగ నిండి ఉంటే పై అంతస్తుల వాళ్లు దిగే ప్రయత్నం చేయరాదు. తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, వీధివైపు బాల్కనీలో నిలబడి కనబడాలి.

3. చిన్న ఫోన్ మండుతుంటే, కరెంటు ఆపి ఉండి, బయటికి దారి మన వెనకే ఉంటే, దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయవచ్చు. మంట ఆర్పినంత మాత్రాన చాలదు, సెల్ చల్లబడాలి, ఆ పని నీళ్లే చేస్తాయి. మన కారిడార్లలోని పొడి సిలిండర్ మంటను అణచినా బ్యాటరీని చల్లబరచదు, మళ్లీ అంటుకుంటుంది. స్కూటర్ బ్యాటరీ జోలికి మాత్రం నీళ్లతోనైనా మనం వెళ్లరాదు.

4. బ్యాటరీ పొగ లేకుండా ఉబ్బి మాత్రమే ఉంటే, గోడ స్విచ్ ఆపి చార్జింగ్ మాన్పించాలి. ఉబ్బును నొక్కడం, గుచ్చడం, మూత బిగించడం చేయరాదు. చల్లగా ఉందని తేలాకే మండే వస్తువులకు దూరంగా, ఆరుబయట గచ్చు మీద పెట్టి, సర్వీస్ సెంటర్‌కో ఈ-వ్యర్థాలు తీసుకునే వారికో అప్పగించాలి. చెత్తబుట్టలో వేయరాదు. ఉబ్బు తగ్గినట్టు కనిపించినా దాన్ని మళ్లీ చార్జ్ చేయరాదు.

5. ఉబ్బు, పొగ లేకుండా కాలిన వాసన మాత్రమే వస్తుంటే, తరచూ తప్పు ప్లగ్ వదులుగా ఉన్న సాకెట్‌లోనో చార్జర్‌లోనో ఉంటుంది. వేడెక్కిన ప్లగ్‌ను లాగకుండా ఎంసీబీ దించాలి. అక్కడ కరెంటు ఆగిందని తెలిసేదాకా నీళ్లు వాడరాదు. సాకెట్ గోధుమ రంగుకు మారి ఉంటే ఎలక్ట్రీషియన్ మార్చేవరకు వాడరాదు.

6. పొగ పీల్చినవారు బాగానే ఉన్నామనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి, దాని ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. ఆరిన బ్యాటరీ గంటల తర్వాత తిరిగి రాజుకోవచ్చు కనుక అగ్నిమాపక సిబ్బంది చెప్పేవరకు ఎవరూ దాన్ని కదపరాదు.

7. ఇకపై బయటికి వెళ్లే గుమ్మం దగ్గర, మెట్ల కింద, నిద్రపోయే గదిలో స్కూటర్ బ్యాటరీ చార్జ్ చేయరాదు. ఏ ఎంసీబీ ఏ గదిదో ప్రతి ఇంటిలో రాసి అంటించాలి. వాచ్‌మన్‌కు ఈ తీర్మానం చదివి వినిపించే బాధ్యత కార్యదర్శిది.

ఇన్వర్టర్లలో సాధారణంగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీల స్వభావం వేరు కనుక వాటికి ఈ తీర్మానం వర్తించదు. వాటి సంగతి తదుపరి సమావేశంలో చర్చకు వస్తుంది.

ప్రతిపాదించినవారు కార్యదర్శి, బలపరచినవారు కోశాధికారి. ఈ రాత్రే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మొదటి అంశం చదివి వినిపించవలసిందిగా సభ్యులందరికీ మనవి.