ఆరోగ్య శీర్షిక: జ్వరం దిగాక మూడు వారాలు

బెంగళూరులో వానలు పడడం మొదలైతే చాలు, తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు డెంగీతో మంచం పట్టారన్న కబురు వస్తుంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం ఈ జ్వరాన్ని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చింది. జ్వరం ఎలా వస్తుందో, దోమల్ని ఎలా ఆపాలో చాలామంది రాస్తూనే ఉన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక గడిచే రోజుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. పంపించేటప్పుడు డాక్టరుగారు "విశ్రాంతి తీసుకోండి" అంటారు. ఎంత, ఎలా, అది చాలుతున్నదని తెలిసేదెలా అని అడిగే వ్యవధి మనకూ ఉండదు, ఆయనకూ ఉండదు. ఊళ్లో అయితే అత్తగారో అమ్మమ్మగారో పక్కనే ఉండి లేవనిచ్చేవారు కాదు. ఇక్కడ ఉండేది భార్యాభర్తలూ, బడికెళ్లే పిల్లలూ. అందుకే ఈసారి ఆ మూడు వారాల దినచర్య గురించి చెప్పుకుందాం.

మొదట ఒక్క మాట. డెంగీలో జ్వరం తగ్గిన రోజును కోలుకున్న రోజు అనుకోకూడదు. సాధారణంగా 3వ రోజుకూ 7వ రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. కొందరిలో సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరడం మొదలై, ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఆ 48 గంటలు విశ్రాంతితో పాటు కాపలా కూడా అవసరం. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, నల్లటి విరేచనం, చేతులూ కాళ్లూ చల్లబడడం, మగతగా గాని అస్తిమితంగా గాని ఉండడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ గండం గడిస్తే ఆకలి తిరిగి వస్తుంది. అరచేతులూ అరికాళ్లూ దురద పెడతాయి. ఎర్రబారిన చర్మంలో తెల్లని చుక్కలు కనిపించవచ్చు. నాడి మామూలుకంటే నెమ్మదిగా కొట్టుకోవచ్చు. ఇవన్నీ చాలావరకు కోలుకునే దశలో కనిపించేవే, వాటంతట అవే సర్దుకుంటాయి. మిగిలేది నీరసం. రెండు మూడు వారాలు ఉండడం మామూలు, కొందరికి ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది.

ఈ నీరసానికి ఒక చిత్రమైన గుణం ఉంది. శక్తికి మించి పనిచేస్తే ఆ బరువు అప్పటికప్పుడు తెలియకపోవచ్చు. చేసినప్పుడు బాగానే ఉంటుంది, మర్నాడు లేవబుద్ధి కాదు. అప్పుడు మనం రాత్రి నిద్ర సరిగా లేదనో, వాతావరణం చల్లగా ఉందనో అనుకుంటాం కాని నిన్నటి పనిని తలుచుకోము. అందుకే రెండు సూత్రాలు పెట్టుకోవాలి. అలిసిపోకముందే పడుకోవాలి. ఏం చేశామో, ఎలా ఉందో రెండు ముక్కలు రాసుకోవాలి.

దినచర్య ఇలా ఉంటే చాలు. ఉదయం కళ్లు తెరవగానే లేవకండి. పడుకునే టెంపరేచరు చూసుకుని, నాడి ఒక నిమిషం లెక్కపెట్టుకోండి. తరువాత కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని అప్పుడు లేవండి. గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్మి బాత్‌రూములో పడిపోయే ప్రమాదం ఈ రోజుల్లో ఎక్కువ. స్నానం స్టూలు మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్లతో చేయండి. మొదటి వారం తలుపు గడియ వేసుకోకుండా ఉంటే మంచిది. స్నానం కూడా ఒక పనే. అది కాగానే 20 నిమిషాలు పడుకోవాలి.

8 గంటలకు ఇడ్లీయో, ఉప్మావో, మజ్జిగ కలిపిన రాగి జావో తీసుకోవచ్చు. 10 గంటలకు మొదటి విశ్రాంతి, మధ్యాహ్నం భోజనం తరువాత రెండోది, సాయంత్రం 5 గంటలకు మూడోది. వీటికి ఫోనులో అలారం పెట్టండి. అలారం మోగినప్పుడు "నాకేం అలసటగా లేదే" అనిపించినా పడుకోవాలి. అలసట వచ్చేదాకా ఆగకుండా ఉండేందుకే కదా ఆ అలారం! విశ్రాంతి అంటే కళ్లు మూసుకుని పడుకోవడం. సోఫాలో జారగిలబడి సీరియల్ చూడడం, ఫోనులో చుట్టాలకు ఒంటి సంగతి పదే పదే చెప్పడం ఇందులోకి రావు. పగటి నిద్ర గంట దాటనివ్వకండి, దాటితే రాత్రి నిద్ర పాడవుతుంది.

విశ్రాంతికీ విశ్రాంతికీ మధ్య ఒక చిన్న పని, అదీ కూర్చుని. కూర ముక్కలు తరగడం, బట్టలు మడత పెట్టడం, మొదట్లో 10 నిమిషాలు చాలు. సాయంత్రం ఇంట్లోనో వరండాలోనో 5 నిమిషాల నడక. రాత్రి భోజనం 8 లోపు, పక్క 10 లోపు. జ్వరంలో తాగినట్టు ఇప్పుడూ లీటర్ల కొద్దీ నీళ్లు బలవంతంగా తాగనక్కరలేదు. బయటికి ఊరిన నీరు ఈ దశలో తిరిగి రక్తంలోకి చేరుతుంది. దాహానికి తగినట్టు తాగుతూ, రోజుకు నాలుగైదుసార్లు మూత్రం వస్తుంటే సరిపోతుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి.

ఇక రాసుకోవడం. పిల్లల పాత నోటుబుక్కు చాలు. ఉదయం ఒక వరుస: టెంపరేచరు, నాడి, అలసట. అలసటకు 0 నుంచి 5 వరకు అంకె వేసుకోండి. 0 అంటే జబ్బుకు ముందున్నట్టు, 5 అంటే మంచం దిగలేనట్టు. రాత్రి ఇంకో వరుస: చేసిన పనులు, కొత్తగా కనిపించిన లక్షణం ఏదైనా ఉంటే అది, మళ్లీ అలసట అంకె. అంతకుమించి రాయకండి. గంట గంటకూ ఒంటిని తరచి చూసుకుంటే లేని నొప్పులు కూడా కనిపిస్తాయి.

ఉదాహరణకు విజయనగర్‌లో రెండో అంతస్తులో ఉండే 45 ఏళ్ల ఇల్లాలిని ఊహించుకుందాం. ఒక శుక్రవారం ఆమెకు జ్వరం దిగింది. అదే మొదటి రోజు అనుకుంటే, 12వ రోజు నుంచి ఉదయపు అలసట వరుసగా 2 దగ్గర నిలబడింది. పొయ్యి దగ్గర 10 నిమిషాలు నిలబడగలుగుతోంది. 15వ రోజు వరలక్ష్మీ వ్రతం. ఒంట్లో బాగుందని పులిహోర, పూర్ణాలు తానే చేసి, రెండు గంటలు నిలబడి, సాయంత్రం పేరంటాళ్లకు తాంబూలాలిచ్చింది. ఆ రాత్రి రాసిన అంకె 2. శనివారం ఉదయం 4. ఒళ్లంతా బరువు, తల దిమ్ము. టెంపరేచరు చూస్తే 98.2, నాడి 66, వాంతులు లేవు, కడుపు నొప్పి లేదు. జ్వరం తిరగబెట్టిందేమోనని ఇంట్లో కంగారుపడ్డారు. కాని పుస్తకంలో ముందు రోజు వరుస చూస్తే సంగతి అక్కడే ఉంది.

అప్పుడు చేయవలసింది ఏమిటంటే, పని మొదటి వారం స్థాయికి తగ్గించాలి, కాని పూర్తిగా మంచానికే అంటుకుపోకూడదు. స్నానం, భోజనం, ఇంట్లో నాలుగడుగులు మానకూడదు. సోమవారానికి 3, మంగళవారానికి 2 అయింది. మంగళ, బుధ, గురువారాలు మూడు ఉదయాలూ 2 దాటలేదు కనుక గురువారం నాడు ఒక్క మెట్టు ఎక్కింది, పొయ్యి దగ్గర 10 నిమిషాలకు బదులు 15. అదే కొలత. మూడు ఉదయాలు అంకె పెరగకపోతే ఒక్క పనిని మాత్రం కొద్దిగా పెంచాలి. పెరిగితే వెనక్కి తగ్గాలి. వ్రతం మానుకోనక్కరలేదు. పిండివంట పక్కింటివారికి అప్పగించి, కథ వెనుక ఆనుకుని కూర్చుని వింటే వ్రతమూ దక్కేది, ఆ నాలుగు రోజులూ దక్కేవి.

ఉద్యోగస్తులకు ఇంకో లెక్క ఉంది. ఆఫీసులో కూర్చుని చేసే పనే కదా అనుకుంటారు. సిల్క్ బోర్డు కూడలి మీదుగా గంటన్నర వెళ్లడం, గంటన్నర రావడం కూడా పనిలోకే వస్తుంది. వీలైతే మొదటి వారం ఇంటి నుంచి సగం పూట పనిచేసి, తరువాత రోజు విడిచి రోజు వెళ్లండి. కళ్లు తిరగడం పూర్తిగా తగ్గేదాకా స్కూటరు ముట్టుకోవద్దు.

మందుల విషయంలో ఒక జాగ్రత్త. కీళ్ల నొప్పులకు ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేసుకోవద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని పెంచగలవు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవారు ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో డాక్టరును అడగాలి. పారాసెటమాల్ కూడా చెప్పిన మోతాదు దాటకూడదు. డెంగీలో కాలేయం కూడా దెబ్బ తిని ఉంటుంది.

అన్నిటినీ నీరసం ఖాతాలో వేయకూడదు. జ్వరం మళ్లీ 100.4 దాటినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా, స్పృహ తప్పినా, ఊరికే కూర్చున్నా గుండె దడ వచ్చినా, నాడి 50 లోపుకు దిగినా వెంటనే చూపించుకోవాలి. నాలుగు వారాలైనా ఉదయపు అంకె తగ్గకపోతే రక్తహీనత, షుగరు, థైరాయిడ్ ఉన్నాయేమో పరీక్షించాలి. మనసు దిగులుగా ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాలి. రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లతో ఊడవచ్చు. జ్వరం వల్ల వచ్చే ఆ రాలడం సాధారణంగా కొన్ని నెలల్లో దానంతట అదే ఆగి, జుట్టు మళ్లీ వస్తుంది.

చివరిగా మన ఊరి చిక్కొకటి. మనం "సుస్తీ చేసింది" అంటే జబ్బు చేసిందని అర్థం. కన్నడంలో "సుస్తు" అంటే అలసట. ఇక్కడి నర్సుతో సుస్తీగా ఉందంటే, ఏదో కాస్త అలసిపోయారు కాబోలు అనుకునే అవకాశం ఉంది. మాటకంటే పుస్తకం నయం. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి. అంకెలకు భాష అడ్డం రాదు, మూడు వారాల సంగతి డాక్టరుగారికి ఒక్క నిమిషంలో తెలుస్తుంది.