ధర పడింది సరే, ఏ గీత జరిగింది?

ఉల్లి ధర పడిపోయిన ప్రతిసారీ రైతుకు వచ్చే జవాబు ఒక్కటే: ‘పంట ఎక్కువైంది, డిమాండ్-సప్లయి సూత్రం, ఎవరేం చేస్తారు?’ ఆ సూత్రాన్ని డిగ్రీ మొదటి ఏడాది ఆర్థికశాస్త్రం తరగతిలో ఒక స్లైడు మీద చూపిస్తారు. మన పిల్లలు చదివే ఆ స్లైడును మనమూ ఒకసారి సరిగా చదువుదాం.

నిలువు గీత మీద ధర, అడ్డ గీత మీద సరుకు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి కిందికి దిగేది D1, కొనేవాళ్ల గీత. పైకి ఎక్కేది S1, అమ్మేవాళ్ల గీత. రెండూ కలిసిన చోట ధర తేలుతుంది. వాటి పక్కనే చుక్కలతో D2, S2 అని మరో రెండు గీతలు, బాణాలు ఉంటాయి. అసలు సంగతంతా ఆ బాణాల్లోనే ఉంది.

కిలో 20 రూపాయలున్న ఉల్లి 40 అయితే, రెండు కిలోలు కొనే ఇల్లాలు కిలోన్నరతో సరిపెట్టుకుంటుంది. ఇక్కడ గీత జరగలేదు. ఆమే అదే గీత మీద పైకి జరిగింది. ధర కాకుండా వేరే కారణం వస్తేనే గీత మొత్తం పక్కకు జరుగుతుంది. వానలు బాగా పడి దిగుబడి పెరిగితే S1 కుడికి జరిగి S2 అవుతుంది. కొనేవాళ్లలో ఒక వర్గం తప్పుకుంటే D1 ఎడమకు జరిగి D2 అవుతుంది.

లెక్క సులువుగా ఉండేందుకు ఒక యార్డును ఊహించుకుందాం. పది టన్నుల లారీలు వంద వచ్చాయి, ధర కిలో 20 రూపాయలు. రైతులందరికీ కలిపి వచ్చేది 2 కోట్లు. పంట బాగా పండి 120 లారీలు వచ్చాయనుకుందాం. చవకైందని ఇంట్లో ఉల్లి వాడకం రెట్టింపు కాదు కాబట్టి డిమాండ్ గీత బాగా నిటారుగా ఉంటుంది. ధర 14కు దిగిందంటే రైతులకు వచ్చేది 1 కోటి 68 లక్షలే. ఎక్కువ పండించి తక్కువ తీసుకోవడమంటే ఇదే.

ఇప్పుడు రెండోది. పంట పెరగలేదు, కానీ ఎగుమతి కోసం కొనేవాళ్లు ఆగిపోయారు. ధర 13కు పడింది. గిట్టుబాటు కాక కొందరు సరుకు తేలేదు, 90 లారీలే వచ్చాయి. ధర పడటం రెండుచోట్లా ఒకటే, కారణం మాత్రం వేరు. గుర్తుపట్టేది ఎలా? ధరను ఒక్కదాన్నే చూడకుండా రాకను కూడా చూడాలి. ధర పడి రాక పెరిగితే సప్లయి గీత జరిగినట్టు. ధర పడి రాక కూడా తగ్గితే డిమాండ్ గీత జరిగినట్టు. సీజన్ తేడా రాకుండా నిరుడు ఇవే వారాల రాకతో పోల్చాలి. రెండు గీతలూ ఒకేసారి ఇలా జరిగితే ధర పడుతుందని మాత్రమే స్లైడు గట్టిగా చెప్పగలదు. సరుకు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది ఏ గీత ఎంత జరిగిందన్న దాని మీద ఉంటుంది.

2023 ఆగస్టులో కేంద్రం ఉల్లి ఎగుమతుల మీద 40 శాతం సుంకం వేసింది. డిసెంబర్ 8న ఎగుమతులనే నిషేధించింది. 2024 మే 4న నిషేధం ఎత్తేసినా టన్నుకు 550 డాలర్ల కనీస ధర పెట్టింది, 40 శాతం సుంకం ఉంచింది. విదేశీ కొనుగోలుదారు తప్పుకుంటే మహారాష్ట్రలోని లాసల్‌గావ్ లాంటి మార్కెట్లో D1 ఎడమకు జరుగుతుంది. బాణం గీసింది వాన కాదు, ఒక ఉత్తర్వు.

మన కర్నూలు ఉల్లికి ఆ దెబ్బ మరో వేషంలో తగులుతుంది. ఓడ ఎక్కాల్సిన మహారాష్ట్ర సరుకు దేశంలోనే ఆగి హైదరాబాద్ లాంటి మార్కెట్లకు వస్తుంది. అక్కడ రాక పెరుగుతుంది, ధర పడుతుంది. స్లైడు లెక్కన అది సప్లయి గీత జరగడమే. కానీ దేశంలో ఒక్క బస్తా కూడా అదనంగా పండలేదు! ఒక్క యార్డు రాక చూసి ‘పంట ఎక్కువైంది’ అనడం అందుకే తప్పు. ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి.

పట్టణంలో కొనుక్కుని తినే పేదలకు ఉల్లి అందాలన్న దానితో మాకు పేచీ లేదు. కానీ ఆ భారాన్ని రైతు నెత్తిన పెట్టి, దాన్ని సూత్రమని పిలవడం మాకు సమ్మతం కాదు. ఉత్తర్వుతో గీతను జరిపినవాళ్లే నష్టం భరించాలి. ఎగుమతి విధానాన్ని నాట్లకు ముందే చెప్పాలి. ప్రతి యార్డులో ధరతో పాటు రాకను, ఆ సరుకు ఏ జిల్లాదో, ఏ రాష్ట్రానిదో బోర్డు మీద రాయాలి. ఈసారి ఎవరైనా డిమాండ్-సప్లయి అంటే మనం అడగాల్సింది ఒక్కటే: ఏ గీత జరిగింది, ఎవరు జరిపారు?