ఎరుపు తగ్గిస్తే రంగులు తిరిగిరావు

గులాబీ రంగుకు తిరిగిన పాత సినిమా ప్రింట్లలో ఎరుపు ఎక్కువైందని, స్కాన్ చేశాక ఫ్రేమంతటా దాన్ని ఒకే మేరకు తగ్గిస్తే అసలు రంగులు బయటపడతాయని చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం కారణాన్నే తలకిందులు చేస్తోంది. 1950లో కొడాక్ సంస్థ ప్రవేశపెట్టిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింటులో బొమ్మ సయాన్, మెజెంటా, పసుపు అనే మూడు అద్దకాల పొరలతో ఏర్పడుతుంది. వీటిలో నీలమూ ఆకుపచ్చా కలిసినట్టుండే సయాన్ ఎర్రని కాంతిని అడ్డుకుంటుంది. ఆనాటి ప్రింట్లలో, వెలుతురు సోకని డబ్బాలో ఉన్నప్పటికీ, సాధారణంగా ముందుగా క్షీణించేది ఈ సయానే. అంటే బొమ్మలోకి ఎరుపు కొత్తగా వచ్చి చేరలేదు, దాన్ని ఆపే అద్దకం పోయింది.

ఈ నష్టం అంతటా సమానంగా ఉండదు. సయాన్ చిక్కగా ఉండిన నీడల్లో అది ఎక్కువగానూ, పల్చగా ఉండిన వెలుగుల్లో తక్కువగానూ కనిపిస్తుంది. వెలుగును 0 నుంచి 255 వరకు కొలిచే స్కానులో మూడు చానెళ్లలోనూ 15 ఉండవలసిన నల్లకోటు ఎరుపు చానెల్లో 140కి, 225 ఉండవలసిన తెల్లచొక్కా 235కి చేరాయనుకుందాం. చొక్కా తెల్లబడేలా ఎరుపును తగిన నిష్పత్తిలో తగ్గిస్తే కోటు 134 దగ్గర ఎర్రగానే మిగులుతుంది. కోటు నల్లబడేలా 125 తీసివేస్తే చొక్కా 110కి పడిపోయి సయాన్ రంగు తేలుతుంది. ఏ ఒక్క సంఖ్యా రెండింటినీ సరిచేయలేదు. చేయవలసింది ఎరుపు చానెల్లో 95 మెట్లకు కుంచించుకుపోయిన వ్యాప్తిని తిరిగి 210 మెట్లకు సాగదీయడం, ఆకుపచ్చ, నీలం చానెళ్లకు కూడా వాటివైన నలుపు, తెలుపు బిందువులను విడిగా నిర్ణయించడం. అప్పటికీ మధ్యస్థమైన బూడిదరంగులో ఎర్రని ఛాయ మిగిలితే, మధ్యస్థాయి వెలుగును నిర్దేశించే గామా వంపును ఎరుపు చానెల్లో కిందికి దించాలి.

ఇక ప్రతి షాటుకూ కంప్యూటరు తనంతట తాను ఈ సాగదీత చేస్తే సరిపోతుందన్న వాదన మరింత ప్రమాదకరం, ఎందుకంటే అది సూర్యాస్తమయపు నారింజ రంగును కూడా లోపంగానే భావించి తుడిచివేస్తుంది. క్షీణత షాటుది కాదు, ఫిల్ముది. ఒకే స్టాకు మీద ముద్రించిన రీలంతటా అది దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, నలుపు, తెలుపు, బూడిద స్పష్టంగా ఉన్న ఒక షాటు నుంచి కట్టిన వంపులే ఆ రీలుకంతటికీ ఆధారం కావాలి.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. రెండింతలకు పైగా సాగదీసిన చానెల్లో గ్రెయిన్ కూడా అంతే పెరుగుతుంది. 8 బిట్ల స్కానులోనైతే మెట్ల మధ్య ఖాళీలు ఏర్పడి ఆకాశంలో చారలు కనిపిస్తాయి. అందువల్ల 16 బిట్ల స్కాను అవసరం, పైగా స్కానింగులోనే ఎరుపు చానెల్ తెలుపు అంచును దాటి తెగిపోకుండా చూసుకోవాలి. సయాన్ పూర్తిగా పోయినచోట సాగదీయడానికి బొమ్మే ఉండదు. అక్కడ ఆకుపచ్చ చానెల్ నుంచి వివరాలను అరువు తెచ్చి నింపితే ఆ భాగం ఫిల్ములో నుంచి వెలికితీసింది కాదు, ఊహించి కల్పించింది, దాన్ని పునరుద్ధరణ నివేదికలో అలాగే నమోదు చేయాలి.