రాత్రి లెక్కలో అన్నం చివర రావాలి

పొద్దుటి నుంచి తిన్నదంతా ఫోన్‌లో రాసుకునేవాళ్లకు రాత్రి ఎనిమిదింటికి రెండు అంకెలు కనిపిస్తాయి. ఇంకా ఎన్ని కేలరీలు తినొచ్చు, ఇంకా ఎంత ప్రోటీను రావాలి అని. చాలామంది మొదటి అంకె చూసి అన్నం పెట్టుకుంటారు, రెండోది ఎలాగో సర్దుకుంటుందిలే అనుకుంటారు. అది సర్దుకోదు. ఈ రెండూ ఒకే కంచంలో కుదరాలంటే లెక్క తిరగేసి వెయ్యాలి. ముందు చేప, గుడ్డు, పప్పు, ఆ తర్వాత నూనె, అన్నీ పోను మిగిలిన చోట అన్నం.

నాయుడుపేట పక్కన మేనకూరు సెజ్‌లో పనిచేసే మా మేనల్లుడి రోజునే తీసుకుందాం. బరువు 70 కిలోలు. జిమ్‌లో కోచ్ అతనికి రోజుకు 2000 కేలరీలు, 85 గ్రాముల ప్రోటీను అని రాసిచ్చాడు. పొద్దున నాలుగు ఇడ్లీలు, సాంబారు, కొబ్బరి చట్నీ కలిపి సుమారు 420 కేలరీలు, 13 గ్రాముల ప్రోటీను. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం, పప్పు, వేపుడు, పెరుగు. అది 780 కేలరీలు, 22 గ్రాములు. సాయంత్రం టీ, రెండు మిరపకాయ బజ్జీలు మరో 300 కేలరీలు లాగేసి 6 గ్రాములే ఇచ్చాయి. “మామా, ఇంకా 500 కేలరీలే ఉండాయి, ప్రోటీను మాత్రం 44 గ్రాములు రావాలంట. ఎట్లా పడతాది?” అని అడిగాడు.

ఇక్కడ వెయ్యాల్సిన మొదటి లెక్క చిన్నది. గ్రాము ప్రోటీనుకు 4 కేలరీలు. కాబట్టి 44 గ్రాములంటే 176. మిగిలిన 500లో అది మూడో వంతు పైనే. ఈ వాటా ఐదో వంతు ఉంటే మన మామూలు భోజనం కొద్దిపాటి మార్పులతో సరిపోతుంది. మూడో వంతయితే చేపో, కోడిగుడ్డో, కోడి మాంసమో ఉండి తీరాలి. సగం దాటిందంటే ఆ రాత్రికి ప్రయత్నం మానుకోవడం మంచిది. అలాంటి కంచం ఇంటి వంటలో తయారుకాదు.

మేనల్లుడికి శీలావతి చేప దొరికింది. ముళ్లు పోను 180 గ్రాముల చేపలో సుమారు 35 గ్రాముల ప్రోటీను ఉంటుంది, కేలరీలు 180 దాటవు. ముళ్లతో తూచితే ఇంకో నలభై గ్రాములు ఎక్కువే ఉండాలి. చాలామంది ముళ్ల బరువును కూడా మాంసం కింద రాసుకుని, తినని ప్రోటీనును తిన్నట్టు లెక్కేస్తారు. పులుసులో ఉల్లి, టమోటా, చింతపండు కలిపి మరో 40 కేలరీలు.

అసలు చిక్కు నూనె దగ్గర. పాత నెల్లూరు జిల్లా వాళ్లం, చేపల పులుసులో నూనె పైకి తేలితే తప్ప దిగినట్టు ఒప్పుకోం. నలుగురి పులుసుకు 100 మిల్లీలీటర్ల నూనె పోస్తే మనిషి వాటా 25. అంటే 200 కేలరీల పైమాటే. తిన్న చేపముక్కల కంటే నూనె కేలరీలే ఎక్కువ. ఫోన్‌లో ‘చేపల కూర, ఒక కప్పు’ అని నొక్కితే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నూనెను పోసే ముందే కొలవాలి, తర్వాత నలుగురికీ పంచి రాసుకోవాలి. ఆ రాత్రి మా అక్క నలుగురికి 40 మిల్లీలీటర్లతోనే పులుసు పెట్టింది. మనిషికి 10 మిల్లీలీటర్లు, సుమారు 80 కేలరీలు. రుచి తగ్గిందని ఎవరూ అనలేదు, పులుపూ కారమూ సరిగ్గా పడ్డాయి గనుక.

ఇప్పటికి 300 కేలరీలు, 36 గ్రాముల ప్రోటీను అయ్యాయి. ఒక ఉడికించిన గుడ్డు 70 కేలరీలతో 6 గ్రాములు తెచ్చింది. మిగిలిన 130 కేలరీలకు వచ్చేది 100 గ్రాముల అన్నం, చిన్న కప్పుడు. దాంట్లో మరో రెండున్నర గ్రాముల ప్రోటీను. మొత్తం 500, 44. లెక్క కుదిరింది, కడుపుకు మాత్రం ఆ అన్నం చాలలేదు. సాయంత్రం తిన్న రెండు బజ్జీల కేలరీలతో ఇంకో 170 గ్రాముల అన్నం వచ్చేది.

అన్నం విషయంలో ఇంకో పొరపాటు అందరికీ జరిగేదే. 100 గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు, అదే 100 గ్రాముల అన్నానికి 130. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలతో వేసిన పట్టికల్లో ధాన్యాలు, పప్పుల విలువలు పచ్చివాటికే. యాప్‌లో రెండు రకాల అంకెలూ కలగలిసి ఉంటాయి. వంద గ్రాముల దగ్గర మూడొందలు దాటిన అంకె కనిపిస్తే అది బియ్యానిదని గుర్తుపట్టాలి.

నీసు తినని ఇళ్లకు ఈ 500, 44 లెక్క చాలా కష్టం. కందిపప్పుతోనే 44 గ్రాముల ప్రోటీను రాబట్టాలంటే 200 గ్రాముల పప్పు వండాలి. దానికే 650 కేలరీలు దాటిపోతాయి. పప్పు మంచి ఆహారమే, కానీ ప్రోటీనుతో పాటు పిండిపదార్థాన్ని అంతకంటే దండిగా తెస్తుంది. 50 గ్రాముల మీల్‌మేకర్, కప్పుడు పెసరపప్పు కట్టు, 200 గ్రాముల పెరుగు పెట్టుకుంటే 40 గ్రాముల దాకా లాగొచ్చు. అప్పుడు అన్నం రెండు ముద్దలకు మించి పట్టదు. నన్నడిగితే ఆ రాత్రి 30 గ్రాములతో ఆగి, కడుపునిండా తిని పడుకోవడమే నయం. 70 కిలోల మనిషికి మన పోషకాహార సంస్థ చెప్పే మోతాదు కిలోకు 0.83 చొప్పున 58 గ్రాములే. 85 అనేది కండ పెంచుకోవడానికి కోచ్ పెట్టిన లక్ష్యం. దానికి పద్నాలుగు గ్రాములు తగ్గితే ఒంటికి వచ్చే లోటేమీ లేదు.

పైగా మిగిలిన అంకె కనిపించినంత నికరమైనది కాదు. పగలు రాసిన 1500లో పదో వంతు తప్పు పోయినా 150 కేలరీలు. క్యాంటీన్ వేపుడులో నూనె ఎంతో వండినవాళ్లకే తెలియాలి కాబట్టి ఆ మాత్రం తప్పు మామూలే. ఆ 150 అంతా వచ్చి రాత్రి మిగిలిన 500 మీద పడుతుంది. అందుకే ఆఖరి ఇరవై కేలరీల కోసం అర గుడ్డు కోసుకోవడంలో అర్థం లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇలా రాత్రి కంచాన్ని సొంతంగా మార్చకూడదు. వాళ్ల అన్నమూ ప్రోటీనూ డాక్టరు చెప్పిన కొలతలోనే ఉండాలి.

రాత్రికి 44 గ్రాములు మిగలడమే అసలు తప్పు. దాన్ని పొద్దునే సరిచెయ్యాలి. ఇడ్లీ ఒకటి, చట్నీ సగం తగ్గించి రెండు గుడ్లు తింటే కేలరీలు 30 పెరుగుతాయి, ప్రోటీను 10 గ్రాములు పెరుగుతుంది. బజ్జీల బదులు గుప్పెడు పుట్నాలపప్పు తింటే నూటపది కేలరీలు మిగిలి, ప్రోటీను ఇంకో 3 గ్రాములు కలుస్తుంది. అప్పుడు రాత్రికి ఉండేవి 580 కేలరీలు, 31 గ్రాములు. వాటా ఐదో వంతుకు దిగింది. చేప 120 గ్రాములు చాలు, గుడ్డు అక్కర్లేదు, నూనె అదే 10 మిల్లీలీటర్లు. పులుసులో కలుపుకోవడానికి అన్నం 260 గ్రాములు వస్తుంది.