72 వేల బాకీ, నాలుగు ఉత్తరాలు: ఫ్రీలాన్సర్ పంపే ఏ రిమైండర్ ఏ పని చేస్తుంది?

హైదరాబాద్‌లో ఉంటూ డాక్యుమెంటరీలకు సబ్‌టైటిళ్లు రాసే ఒక ఫ్రీలాన్స్ అనువాదకురాలు ఉన్నారనుకుందాం. 2024 మే నెలలో ముంబైలోని ఒక ప్రొడక్షన్ కంపెనీ ఆమెకు రూ.80,000 పని అప్పగించింది. పని అందిన 30 రోజుల్లో డబ్బు ఇస్తామని మెయిల్‌లో రాసింది. జూన్ 3న ఆమె ఫైళ్లు, బిల్లు పంపారు. జూలై 3 గడిచిపోయింది. డబ్బు రాలేదు.

ఇక్కడి నుంచి దాదాపు ప్రతి ఫ్రీలాన్సర్‌ కథా ఒకేలా ఉంటుంది. గట్టిగా అడిగితే మళ్లీ పని ఇవ్వరేమోనన్న భయం ఒకవైపు, కట్టాల్సిన ఇంటి అద్దె మరోవైపు. అందుకే చాలామంది ఆలోచన మెయిల్ ఎంత మర్యాదగా ఉండాలన్న దగ్గరే ఆగిపోతుంది. కానీ బాకీ వసూలులో ప్రతి రిమైండర్‌కూ ఒక ప్రత్యేకమైన పని ఉంది. అవతలివాళ్ల చేత ఒక్కో విషయాన్ని రాతపూర్వకంగా ఒప్పించడమే ఆ పని. ఈ ఉదాహరణలోని నాలుగు ఉత్తరాలను వరుసగా చూస్తే అది అర్థమవుతుంది.

మొదటి ఉత్తరం: జూలై 4

ఇది స్నేహంగా, మూడు వాక్యాల్లో ఉండాలి. ‘జూన్ 3న పంపిన బిల్లు గడువు నిన్నటితో పూర్తయింది. బిల్లు మీ అకౌంట్స్ విభాగానికి చేరిందో లేదో చెప్పగలరా? సౌలభ్యం కోసం మళ్లీ జతచేస్తున్నాను.’ ఇంతే.

ఈ మెయిల్‌తో డబ్బు వస్తే సంతోషం. రాకపోయినా ‘చేరింది, ప్రాసెస్‌లో ఉంది’ అని ఒక్క లైను జవాబు వస్తే దాని పని అయిపోయినట్టే. బిల్లు అందలేదని ఆ తర్వాత ఎవరూ అనలేరు.

సాధారణంగా జరిగే పొరపాటు కూడా ఇక్కడే. మొహమాటం కొద్దీ ‘మీకు వీలైనప్పుడు పంపండి’ అని రాస్తారు. జూలై 3 అని స్పష్టంగా ఉన్న గడువును తామే చేజేతులా చెరిపేసుకున్నట్టవుతుంది. ఫోన్‌లో మాట్లాడటం తప్పు కాదు. కానీ ఫోన్ పెట్టేశాక ‘ఇందాక మీరు చెప్పినట్టు, వచ్చే సోమవారం చెల్లిస్తారు’ అని ఒక మెయిల్ పంపకపోతే ఆ సంభాషణకు ఆధారం మిగలదు.

రెండో ఉత్తరం: జూలై 15

ఈసారి పని ఇచ్చిన మేనేజర్‌తో పాటు అకౌంట్స్ విభాగానికీ కాపీ వెళ్తుంది. మేనేజర్‌కు పని నచ్చినా డబ్బు విడుదల ఆయన చేతిలో ఉండకపోవచ్చు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఏ తేదీన చెల్లిస్తారు?

ఇందులో మరో వాక్యం తప్పనిసరి. ‘జూన్ 3న అందజేసిన పనిపై మీ నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదు.’ దీని వెనుక చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్ఎంఈడీ చట్టం) ప్రకారం, సేవ అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ఆ సేవను అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. ఈ ఉదాహరణలో ఆ 15 రోజులు జూన్ 18తో ముగిశాయి. డబ్బు అడగడం మొదలుపెట్టాక ‘క్వాలిటీ సరిగా లేదు, కొన్ని మార్పులు చేయాలి’ అనే జవాబు రావడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. అది జూన్ 18 తర్వాత వస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది.

మూడో ఉత్తరం: జూలై 29

చట్టం పేరు మొదటిసారి ఎత్తాల్సింది ఇక్కడ. కోపం ఉండకూడదు. అంకెలు ఉండాలి.

ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ లేదా చిన్న సంస్థకు ఈ చట్టం రక్షణ ఇస్తుంది. సేవలు అందించే ఒంటరి ఫ్రీలాన్సర్ కూడా ఆధార్, పాన్ కార్డులతో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా కొనుగోలుదారు చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. అందరికీ 45 రోజులు అనుకోవడం పొరపాటు. ‘మా దగ్గర 90 రోజుల పాలసీ’ అని కంపెనీ రాసుకున్నా, అది ఈ చట్టం ముందు నిలవదు.

గడువు దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ పద్ధతిలో కట్టాలి. 2024లో బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడు రెట్లంటే ఏడాదికి 20.25 శాతం, నెలకు 1.6875 శాతం.

రూ.80,000లో కంపెనీ 10 శాతం టీడీఎస్ కింద రూ.8,000 మినహాయిస్తే, అనువాదకురాలికి చేతికి రావాల్సింది రూ.72,000. జూలై 4 నుంచి మొదటి నెల వడ్డీ రూ.1,215. రెండో నెల అసలు, వడ్డీ కలిపి రూ.73,215 మీద లెక్కిస్తే మరో రూ.1,235. పెద్ద మొత్తంగా కనిపించకపోవచ్చు. కానీ ఈ లెక్కను ఒక పట్టికలా మెయిల్‌లో పెడితే, అప్పటిదాకా మేనేజర్ దగ్గర ఆగిన విషయం కంపెనీ ఆడిటర్ దృష్టికి వెళ్లే అవకాశం ఉంది. ఆడిటర్ పట్టించుకోవడానికి కారణం కూడా ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత బాకీ ఉన్నదీ కంపెనీ తన వార్షిక లెక్కల్లో చూపాలి. ఆలస్యానికి కట్టిన వడ్డీని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు.

మరో ఆయుధం ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన 43బి(హెచ్). సూక్ష్మ, చిన్న సంస్థకు గడువు దాటి చెల్లిస్తే, ఆ ఖర్చు నిజంగా డబ్బు ఇచ్చిన ఆర్థిక సంవత్సరంలోనే పన్ను మినహాయింపునకు వస్తుంది. మార్చి 31 నాటికి రూ.80,000 బిల్లు బాకీగా ఉండిపోతే, కంపెనీ ఆ ఏడాది ఆదాయం అంత మేర పెరిగినట్టు లెక్క. పన్ను రేటు సుమారు 25 శాతమైతే రూ.20,000 అదనపు పన్ను. అయితే ఈ వాదనకు కాలం కలిసిరావాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో దీనికి పదును ఎక్కువ. జూలైలో కంపెనీకి ఇంకా ఎనిమిది నెలల వ్యవధి ఉంది. కాబట్టి ఈ ఉత్తరంలో వడ్డీ లెక్కే ముందుండాలి, పన్ను మాట చివర ఒక వాక్యంగా ఉంటే చాలు.

ఆగస్టు 2న అకౌంట్స్ నుంచి జవాబు వచ్చిందనుకుందాం: ‘మాకు రావాల్సిన డబ్బు మా క్లయింట్ నుంచి రాలేదు. ఆగస్టు 20లోగా మీకు చెల్లిస్తాం.’ చదివితే నిరాశ కలుగుతుంది. నిజానికి ఆమెకు అప్పటిదాకా దొరికిన వాటిలో బలమైన కాగితం ఇదే. బాకీ ఉందని కంపెనీయే ఒప్పుకుంది, పని మీద ఫిర్యాదు లేదు. తమకు డబ్బు రాలేదన్న సాకు చట్టంలోని గడువును ఆపదు.

నాలుగో ఉత్తరం: సెప్టెంబర్ 4

ఆగస్టు 20 కూడా దాటింది. ఇప్పుడు వెళ్లేది డిమాండ్ నోటీసు. మెయిల్‌తో పాటు కంపెనీ రిజిస్టర్డ్ చిరునామాకు, డైరెక్టర్ల పేరిట, అందినట్టు రసీదు వచ్చే పోస్టులో పంపాలి. లాయర్ చేత రాయించాలన్న నిబంధన లేదు.

అందులో ఉండాల్సినవి వరుసగా: పని అప్పగించిన మెయిల్ తేదీ, పని అందజేసిన తేదీ, బిల్లు నంబరు, ఉద్యమ్ నంబరు, గత మూడు ఉత్తరాల తేదీలు, ఆగస్టు 2 నాటి జవాబు, సెప్టెంబర్ 3 నాటికి అసలు, వడ్డీ కలిపి రూ.74,450 అన్న లెక్క, చెల్లింపునకు 15 రోజుల గడువు, ఆ తర్వాత ఏం చేయబోతున్నారన్న ఒక వాక్యం. పరువు తీస్తామని, సోషల్ మీడియాలో పెడతామని బెదిరింపులు ఉండకూడదు. ఆ వాక్యాలే రేపు ఆమెకు వ్యతిరేకంగా చూపిస్తారు.

నోటీసుకు ముందు ఆమె చూసుకోవాల్సింది ఒకటుంది: తన ఫారం 26ఏఎస్. బిల్లును పుస్తకాల్లో నమోదు చేసిన రోజే కంపెనీ టీడీఎస్ మినహాయించాలి, డబ్బు ఇచ్చేదాకా ఆగకూడదు. ఏప్రిల్-జూన్ త్రైమాసికం రిటర్న్‌కు జూలై 31 గడువు. కాబట్టి ఆగస్టులో 26ఏఎస్ తెరిస్తే ఆ రూ.8,000 కనిపించవచ్చు. కనిపిస్తే కంపెనీ బిల్లును తన ఖర్చుగా రాసుకుందని అర్థం. అదొక్కటే బాకీని రుజువు చేయకపోవచ్చు గానీ, బిల్లే అందలేదన్న వాదనను మాత్రం మూలకు తోస్తుంది.

ఆ తర్వాత దారి, దాని హద్దులు

15 రోజుల్లో స్పందన లేకపోతే రాష్ట్రంలోని సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఆన్‌లైన్‌గా దరఖాస్తు చేయవచ్చు. ఆమె ముంబై వెళ్లాల్సిన పనిలేదు. కొనుగోలుదారు దేశంలో ఎక్కడున్నా, సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కే విచారణాధికారం ఉంది. అంటే కేసు తెలంగాణలోనే నడుస్తుంది. మొదట రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. తీర్పును సవాలు చేయాలంటే కంపెనీ ముందుగా 75 శాతం సొమ్ము కోర్టులో జమ చేయాలి.

కాగితం మీద ఇది బలమైన ఏర్పాటు. చట్టం 90 రోజుల్లో తేల్చాలని చెబుతున్నా, ఆచరణలో ఆ గడువు తరచూ దాటిపోతుంది. తీర్పు వచ్చాక కూడా కంపెనీ కట్టకపోతే అమలు కోసం మళ్లీ కోర్టుకు వెళ్లాలి. విదేశీ క్లయింట్ల మీద ఈ దారి పనిచేయదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు నమోదు తేదీ. పని పూర్తయ్యాక, గొడవ మొదలయ్యాక ఉద్యమ్‌లో చేరితే పాత బిల్లుకు ఈ చట్టం వర్తించదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో మరో ధర్మాసనం ఈ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. అది ఎటు తేలినా, ఫ్రీలాన్సర్‌కు క్షేమకరమైన పద్ధతి ఒకటే: పని ఒప్పుకోవడానికి ముందే నమోదు చేసుకోవడం, ఆ నంబరును ప్రతి బిల్లు మీదా ముద్రించడం.

నమోదు లేనివారికి కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. సివిల్ కోర్టులో దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ లోపు కంపెనీ సంతకంతో బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆ రోజు నుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. ఆగస్టు 2 నాటి లాంటి జవాబును భద్రపరచుకోవాల్సింది అందుకే.

రూ.72,000 కోసం కౌన్సిల్ దాకా వెళ్లడానికి చాలామంది సిద్ధపడరు. కంపెనీలకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఈ నాలుగింటిలో ఎక్కువ శ్రద్ధతో రాయాల్సింది మూడోది. మొదటి రెండూ దానికి కావాల్సిన ఆధారాలను పోగుచేస్తాయి, నాలుగోది దాన్నే పోస్టులో పంపుతుంది. బాకీ విషయం మేనేజర్ మొహమాటం నుంచి ఆడిటర్ లెక్కల పుస్తకంలోకి మారేది ఆ మూడో ఉత్తరంలోనే.